‘ప్యూర్ కాటన్’ జుబ్బాలు కొంటున్నారా? ముందు లోపలివైపు తిప్పి చూడండి

ఆదివారం రాత్రిళ్లు లైవ్ పెట్టి పసిపిల్లల బట్టలు అమ్మే ఆ పేజీ ఏదో ఇక్కడ చాలామందికి తెలుసు. పేరు రాయను, రాస్తే ఈ పోస్టు ఉండనివ్వరు. ‘ప్యూర్ మల్‌మల్ అండీ, పాపకి బట్ట వేసినట్టే ఉండదు’ అని ప్రతి ముక్కకీ అంటుంది చూడండి, ఆవిడే. ఎండలు ముదురుతున్నాయి కదా అని ఆరు జుబ్బాల సెట్టు 1,800 పోసి తెప్పించాను. అదే డబ్బుతో మా విజయవాడ వన్‌టౌన్‌లో తానులోంచి కోయించి కుట్టించి ఉంటే పాప నడిచే వయసు దాకా సరిపోయేవి. కానీ లైవ్‌లో ‘లాస్ట్ టూ పీసెస్’ అనగానే మనకి చేతులు ఆగవుగా.

పార్సిల్ వచ్చింది, ఉతికాను, వేశాను. పైన ముట్టుకుంటే నిజంగానే మెత్తగా ఉంది, అనుమానం ఎందుకొస్తుంది? పాపకి అయిదో నెల. మెడ ఇంకా ముడతలు ముడతలుగా ఉంది, ఎప్పుడూ వెల్లకిలా పడుకునే ఉంటుంది. కొన్నాళ్లకే మెడ వెనకాల ముడతల్లో ఎర్రగా కనిపించింది. తర్వాత వీపంతా ఆవగింజ కన్నా చిన్న ఎర్రటి పొక్కులు. రాత్రంతా తల అటూ ఇటూ రుద్దుకుంటూ ఏడుపు. చెమటకాయలే అని ఇంట్లో అందరికీ తెలుసు, ఈ ఊళ్లో వేసవికి అది కొత్తేం కాదు. వింతేమిటంటే చేతుల మీద ఒక్క పొక్కు లేదు. నడుం దగ్గర ఎవరో గీత గీసినట్టు అక్కడితో ఆగిపోయాయి.

ఆ గీత ఎందుకో పిల్లల డాక్టరుగారి దగ్గర తెలిసింది. ఆయన పొక్కులు చూసి, పాప ఒంటి మీది జుబ్బా విప్పించి, లోపలివైపు తిప్పి నా చేతికిచ్చారు. పైన పల్చటి కాటన్. లోపల మెడ నుంచి నడుం దాకా తెల్లగా, నున్నగా ఇంకో పొర. చేతులకి ఆ పొర లేదు, నడుం కింద కుచ్చులకీ లేదు. ‘ఇది వేసుకుని మే నెలలో కరెంటు పోయిన రాత్రి మీరు పడుకోగలరా అమ్మా?’ అని అడిగారు. నేనేం మాట్లాడతాను?

ఆయన చెప్పింది ఇదీ. చెమట ఒక సన్నటి గొట్టంలోంచి చర్మం పైకి వస్తుంది. పసిపిల్లల్లో ఆ గొట్టాలు ఇంకా పూర్తిగా ఎదగవు, తొందరగా మూసుకుపోతాయి. పైన చర్మం ఎప్పుడూ తడిగా ఉంటే ఆ మూత ఇంకా గట్టిపడుతుంది. చెమట బయటికి రాలేక ఆ గొట్టం లోపలే పగిలి, చెమట పక్కకి చిమ్ముతుంది, అదే ఎర్రటి పొక్కు, అదే మంట, దురద. అందుకే గాలి తగలని చోటే ఎక్కువ వస్తాయి: మెడ ముడతలు, చంకలు, పరుపుకి ఆనుకుని ఉండే వీపు. నా ఘనకార్యం ఏంటంటే, ఆ వీపుకే చెమట పీల్చుకోని పాలిస్టర్ పొర కూడా తొడిగాను.

ఇంటికొచ్చి ఆ పేజీకి ఫొటోలు పెట్టాను. పాప వీపు ఒకటి, తిరగేసిన జుబ్బా ఒకటి. మర్యాదగానే రాశాను, ‘కాటన్ అన్నారు కదండీ, లోపల పాలిస్టర్ ఉంది, వెనక్కి తీసుకోండి’ అని. చాలాసేపు చూసి వదిలేశారు. ఆ తర్వాత వచ్చిన జవాబు అక్షరం మార్చకుండా రాస్తున్నాను: ‘క్లాత్ కాటనే మేడమ్. లైనింగ్ ఏంటని మీరు అడగలేదు.’

అడగలేదట! అయిదు నెలల పాప జుబ్బాకి లైనింగ్ ఉంటుందని ఎవరనుకుంటారు? కోటు కొంటున్నానా, బ్లౌజు కుట్టిస్తున్నానా? లైనింగ్ ఎందుకు వేశారంటే, ‘క్లాత్ పల్చన కదా మేడమ్, ఫొటోలో లోపల కనిపిస్తుంది’ అన్నారు. అంటే జుబ్బా పాప కోసం కాదు, ఫొటో కోసం. పల్చగా ఉండటం కోసమే కదా మల్‌మల్ కొనేది, దాని కిందే పాలిస్టర్ కుట్టి మల్‌మల్ రేటు తీసుకున్నారు. ఇంతటితో ఆగినా పోయేది. ఆఖర్న ఒక సలహా కూడా: ‘కొందరు పిల్లలకి స్కిన్ ప్రాబ్లమ్ ఉంటుంది మేడమ్, మాకు ఎవరూ కంప్లైంట్ చేయలేదు. పౌడర్ బాగా వేయండి.’ నేను ఇంకో ముక్క రాసేలోపు బ్లాక్ చేసేశారు. మా పాపకి స్కిన్ ప్రాబ్లమ్ లేదు తల్లీ, నీ లైనింగ్ ప్రాబ్లమ్ ఉంది.

ఆవిడ మాట నిజమేమో అన్న అనుమానం కూడా మిగలకూడదని, పాపని అత్తయ్య దగ్గర వేరే గదిలో ఉంచి, స్టీలు పళ్లెంలో దీపం పెట్టి పరీక్ష చేశాం. కుట్టు విప్పి పై బట్టలోంచి నాలుగు పోగులు, లోపలి పొరలోంచి నాలుగు పోగులు లాగి, పట్టకారతో మంట దగ్గర పెట్టాం. పై పోగులు చటుక్కున అంటుకుని, కాగితం కాలిన వాసనతో, వేలితో నలిపితే పొడయ్యే బూడిదయ్యాయి. అది కాటన్. లోపలివి మంట తగలకముందే ముడుచుకుని వెనక్కి జరిగాయి, తర్వాత కరిగి బొట్టుగా కారాయి. చల్లారాక చూస్తే గోటితో నొక్కినా నలగని నల్లటి పూస. ప్లాస్టిక్ కాలిన కంపు. రెండూ కలిపి నేసిన బట్ట అయితే కొంత బూడిద, కొంత పూస మిగులుతాయట. ఆ పూసని ఫొటో తీసి ఆవిడకి పంపిద్దామంటే బ్లాక్ కదా. మా ఆయన అకౌంట్‌లోంచి పంపాను. ఆయన్నీ బ్లాక్ చేసింది.

నీటిబొట్టు వేసి చూస్తే చాలదా అని మా ఆడపడుచు అడిగింది. దాన్ని నమ్మకండి. కొత్త కాటన్‌కి గంజి ఉంటే నీళ్లు పైనే నిలబడతాయి, ఉతికాకే పీల్చుకుంటుంది. కొన్ని పాలిస్టర్ బట్టల మీదేమో బొట్టు వేయగానే పరుచుకుంటుంది, అచ్చం కాటన్‌లాగే. నిప్పుకి మాత్రం అబద్ధం చెప్పడం రాదు.

ఇక పాప సంగతి. డాక్టరుగారు మందుల చీటీ కన్నా ముందు పాపకి చెమట పట్టకుండా చూడమన్నారు. చెమట ఆగితే చెమటకాయలు వాటంతట అవే కొద్దిరోజుల్లో తగ్గుతాయి, చెమట పడుతూ ఉంటే ఏం పూసినా లాభం లేదు అన్నారు. ఏసీ 26 దగ్గర పెట్టి ఫ్యాను చిన్నగా తిప్పాం, గాలి నేరుగా ముఖానికి కొట్టకుండా మంచం పక్కకి జరిపాం. అత్తయ్యకి ఏసీ అంటే భయం, జలుబు చేస్తుందని. ఆవిడ కూలర్ పెట్టమన్నారు. కానీ మా ఊరి ఉక్కపోతలో కిటికీలు మూసి కూలర్ పెడితే గదంతా తేమే, చెమట ఆరదు. కూలరే ఉన్నవాళ్లు కిటికీ తెరిచే పెట్టండి. కరెంటు పోయినప్పుడు మామూలు నీళ్లలో ముంచి పిండిన మెత్తటి గుడ్డతో మెడ, వీపు అద్ది విసనకర్రతో విసిరాం. ఐస్ నీళ్లు వద్దన్నారు.

స్నానం గోరువెచ్చటి నీళ్లతో. నూనె మర్దనా కొన్నాళ్లు ఆపమన్నారు, ఆ జిడ్డు మూసుకుపోయిన రంధ్రాలని ఇంకా మూస్తుందని. ఈ మాట మీద ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది, కొబ్బరినూనె చలవ కదా అని అత్తయ్య. డాక్టరుగారితో ఫోన్‌లో మాట్లాడించాక ఒప్పుకున్నారు. స్నానం అయ్యాక తువ్వాలుతో రుద్దకుండా అద్ది, పాపని ఒడిలో బోర్లా వేసుకుని, గడ్డం కాస్త పైకెత్తి ముడతలు విడదీసి గాలికి ఆరనిచ్చేదాన్ని. మెడ ముడతల్లో కారిన పాలు కూడా అక్కడే పులుస్తాయి, వాటినీ ప్రతిసారీ తుడవాలి. దురదకి కాలమైన్ లోషన్ పల్చగా రాయమన్నారు, అంతే.

ఆ పేజీ ఆవిడ సలహా ఇచ్చిన పౌడర్ గురించి అడిగితే డాక్టరుగారు నా వంక అదోలా చూశారు. పౌడర్ చెమటతో కలిసి ముడతల్లో ముద్దలా పేరుకుంటుంది. చల్లేటప్పుడు లేచే దుమ్ము పాప ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొక్కుల్లో చీము కనిపించినా, జ్వరం వచ్చినా, చల్లగా ఉంచినా మూడు నాలుగు రోజుల్లో తగ్గకపోయినా వెంటనే తీసుకురమ్మన్నారు. ముడతల లోపల తడితడిగా బాగా ఎర్రబడి, చుట్టూ విడిగా చిన్న మచ్చలు వస్తే అది చెమటకాయ కాకపోవచ్చు, ఫంగస్ అయ్యుండచ్చు, దాని మందు వేరు అని కూడా చెప్పారు.

ఇప్పుడు పాప వీపు చాలావరకు మామూలైంది, మెడ దగ్గర ఇంకా కొంచెం గరుగ్గా తగులుతోంది. ఇంట్లో ఒక పొర కాటన్ జుబ్బా, అదీ మా మామయ్యగారి పాత పంచె చింపి ఇంట్లో కుట్టింది. ఏసీ లేనప్పుడు అదీ లేదు, ఉత్త లంగోటా. ఆరు జుబ్బాలూ ఏం చేయాలో తెలీలేదు. లైనింగ్ విప్పుదామని చూస్తే మెడ కుట్టు మొత్తం ఊడొచ్చింది, అంత బాగా కుట్టారు పాపం.

కొనేవాళ్లకి నేను చెప్పేది ఏముంది, ముక్క లోపలివైపు తిప్పి చూపించమనండి, ‘లైనింగ్ కూడా కాటనేనా’ అని చాట్‌లో రాతపూర్వకంగా అడిగి స్క్రీన్‌షాట్ దాచుకోండి. మెడ చుట్టూ నెట్టు, లేసు, బిగుతు ఎలాస్టిక్ ఉన్నవి వేసవికి అసలు వద్దు. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, అది లేకపోతే మాట కూడా వినరు. ఈ ఆదివారం మళ్లీ ‘సమ్మర్ స్పెషల్’ లైవ్ ఉందట. నన్ను బ్లాక్ చేసింది కాబట్టి నేను చూడలేను. మీలో ఎవరైనా చూస్తుంటే కామెంట్‌లో ఆ ఒక్క ప్రశ్న అడిగి, ఏమందో ఇక్కడ రాయండి.