లేఆఫ్ కబురు, రిపోర్టు కబురు: వెంటనే పాలిష్ చేసి పంపడమా, ముందు ఒక మనిషి చదవడమా?

చాట్‌లో గబగబా రాసింది సాపు చేసి ఇచ్చే ఏఐ బటన్ ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది. "రేపు పదికి కుదరదు, పదకొండుకి పెట్టుకుందామా" లాంటి మెసేజ్‌కి ఆ బటన్ నొక్కి అలాగే పంపేయడమే మేలు. పొరపాటు దొర్లినా ఇంకో మెసేజ్‌తో సరిపోతుంది. కానీ అదే చాట్‌లో, అదే చనువుతో ఉద్యోగం పోయిన కబురు కూడా రాస్తాం. అక్కడ ఏ దారి మంచిదో ఒక ఉదాహరణతో చూద్దాం.

హైదరాబాద్‌లోని టీమ్ లీడ్, డాలస్‌లో హెచ్‌-1బీ వీసా మీద పనిచేస్తున్న తన టీమ్ కుర్రాడికి ఇలా రాశాడనుకుందాం: "సారీ రా, నీ రోల్ తీసేశారు. ఆగస్టు 14 తర్వాత పని చెయ్యక్కర్లేదు. పేరోల్‌లో మాత్రం సెప్టెంబర్ 30 దాకా ఉంటావు, జీతం పడుతుంది." పాలిష్ చేస్తే ఇలా రావచ్చు: "మీ ఉద్యోగం ఆగస్టు 14తో ముగుస్తుంది. సెప్టెంబర్ 30 వరకు మీకు పరిహారం అందుతుంది."

రెండోది చదవడానికి హుందాగా ఉంది, కానీ అర్థం మారిపోయింది. హెచ్‌-1బీ ఉద్యోగం పోయినవాళ్లకు అమెరికాలో ఉండటానికి గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఆ దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 పత్రం గడువు అంతకంటే ముందే ముగిస్తే అప్పటివరకే. ఆ లెక్క సాధారణంగా, జీతం లెక్కలో చివరి రోజు ఏదో దాని మర్నాటి నుంచి మొదలవుతుంది. ఉద్యోగం ముగిశాక ఇచ్చే పరిహారం ఆ గడువును పొడిగించదు. మొదటి మెసేజ్ ప్రకారం అతనికి నవంబర్ 29 దాకా సమయం ఉంది. రెండోదాని ప్రకారం అక్టోబర్ 13 దాకానే. మెసేజ్ చట్టాన్ని మార్చదు, నిజమే. కానీ కంపెనీ ఇచ్చే తొలగింపు లెటర్ చేతికి వచ్చేలోపు ఆ మనిషి దీన్ని బట్టే ఇంటి లీజు గురించి, పిల్లల బడి గురించి నిర్ణయాలు తీసుకుంటాడు.

"జీతం" అన్న మాట "పరిహారం" అయిందని పట్టుకోగలిగేది ఆ లెటర్ చూసినవాళ్లే. కాబట్టి మెసేజ్‌ను హెచ్‌ఆర్‌లో ఆ విషయం ముందే తెలిసిన ఒక్కరికి చూపించాలి. ఒక్కరికే. పదిమందికి చూపిస్తే కబురు వేరే నోటి ద్వారా అతనికి ముందే చేరుతుంది, అది ఇంకా ఘోరం. మనిషి చదవాలంటే ఆలస్యమవుతుందన్నది నిజమైన లోటే. లాగిన్ ఆగిపోయాక అందే మెసేజ్ ఎంత సరిగ్గా ఉన్నా క్రూరంగానే ఉంటుంది. అందుకే చదివేవాళ్లు మాటల అందం జోలికి పోకుండా తేదీలు, జీతం, ఇచ్చిన హామీలు ఈ మూడే లెటర్‌తో సరిచూస్తే చాలు. హామీల సంగతి ఎందుకంటే, "త్వరలో మళ్లీ కలిసి పనిచేద్దాం" లాంటి వాక్యం పాలిష్‌లో దానంతటదే వచ్చి కూర్చునే అవకాశం ఉంది.

ఆరోగ్యం కబురులో దెబ్బ ఇంకా చిన్న చోట తగులుతుంది. "నాన్న స్కాన్‌లో ఏదో గడ్డ కనిపించిందట, బయాప్సీ చెయ్యాలంటున్నారు" అని అక్క రాస్తుంది. సాపు చేస్తే "నాన్నగారి స్కాన్‌లో గడ్డ ఉన్నట్టు తేలింది, బయాప్సీ చేస్తారు" అవుతుంది. "కనిపించిందట"లో ఉన్న ఆ "ట" పోయింది. నేను రిపోర్టు చూడలేదు, విన్నది చెబుతున్నాను అని తమ్ముడికి చెప్పేది ఆ ఒక్క అక్షరమే. అది లేకపోతే, అక్క రిపోర్టు చూసే చెబుతోందని అతను అనుకుంటాడు. అందుకే నేను పెట్టుకున్న గుర్తు ఇది: రాసినదాంట్లో "అట", "ఏమో", "అంటున్నారు" ఉన్నా, అవతలి మనిషి ఏదైనా నిర్ణయం తీసుకునే తేదీ ఉన్నా, బటన్ ముట్టుకోను. డాక్టర్‌తో స్వయంగా మాట్లాడినవాళ్లకు ముందు చూపిస్తాను. ఆ కబురు చెప్పాల్సింది నేనేనా, నాన్నే చెబుతానన్నారా అన్నది కూడా వాళ్లనే అడుగుతాను.

వివరాల్లో తప్పు లేకపోయినా చిక్కు రావచ్చు. 2023 ఫిబ్రవరిలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో కాల్పులు జరిగాక, వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి చెందిన పీబాడీ కాలేజీలోని ఒక విభాగం విద్యార్థులకు ఓదార్పు ఈమెయిల్ పంపింది. కింద, అది చాట్‌జీపీటీ సాయంతో రాసినదన్న గమనిక ఉంది. విద్యార్థులు నొచ్చుకున్నారు, ఆ విభాగం క్షమాపణ చెప్పింది. ఇలాంటిచోట మనిషి చదివాక కూడా పాలిష్ వద్దనే నా అభిప్రాయం. అక్షర దోషాలు దిద్ది, "సారీ రా"ను "సారీ రా"గానే పంపాలి.