నల్లద్దాలు తీసి కళ్లు పెట్టాలంటే ఏది మేలు?

ఒంగోలు, కావలి స్టూడియోల్లో ఫోటోషాప్ మీద పనిచేసే తమ్ముళ్లు ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్నది ఇదే. "అన్నా, పెద్దాయనకి నల్లద్దాలు తీసేయమంటున్నారు, వేరే ఫోటోలోంచి కళ్లు తెచ్చి అతికించాలా, క్లోన్ చేసుకుంటూ పోవాలా, జనరేటివ్ ఫిల్ కొడితే సరిపోతుందా?" అని. ఇలాంటి ఫోటోల్లో సగం పెద్దకర్మ ఫ్లెక్సీకో పటం కట్టించడానికో వచ్చేవే. మనిషి లేడు కాబట్టి మళ్లీ తీయడం కుదరదు, పైగా చూసేవాళ్లందరూ ఆయన్ని రోజూ చూసినవాళ్లే.

ముందు చూడాల్సింది అద్దం వెనక కన్ను కనపడుతుందా లేదా అని. కనపడితే, ఎంత మసగ్గా ఉన్నా సరే, ఎక్కడి నుంచీ కళ్లు తేవద్దు. గోధుమరంగు కూలింగ్ గ్లాసుల్లో, పైన ముదురుగా కింద పల్చగా ఉండేవాటిలో, అద్దం వరకే సెలెక్ట్ చేసి కర్వ్స్ పైకి లేపితే చాలాసార్లు రెప్ప గీతా, నల్లగుడ్డూ బయటపడతాయి. కెమెరా రా ఫైల్ దొరికితే ఇంకా మంచిది, వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలో చీకట్లోంచి లేపితే గళ్లు గళ్లుగా వస్తుంది.

లావు ఫ్రేము మామూలు కళ్లద్దాలైతే పని చర్మం మీదే. ఇక్కడ చాలామంది నేరుగా హీలింగ్ బ్రష్ పట్టుకుంటారు. నల్ల ఫ్రేము పక్కన హీలింగ్ బ్రష్ పెడితే ఆ నలుపుని చర్మంలోకి లాక్కొచ్చి మరక చేస్తుంది. ముందు కొత్త లేయర్ మీద క్లోన్ స్టాంప్‌తో ముడతలు పోయే దారిలోనే ఫ్రేముని పూర్తిగా కప్పేయండి, నలుపు ఎక్కడా మిగలకుండా పోయాక అప్పుడు హీలింగ్‌తో సాపు చేయండి. ఫ్రేము నీడ బుగ్గ మీద పడి ఉంటుంది, చెవి వైపు వెళ్లే ఫ్రేము కాడ జుట్టు మీద ఉంటుంది, ఈ రెండూ మర్చిపోయే ఫోటోలే ఎక్కువ. ముక్కుకి రెండు వైపులా పడ్డ గుంటలు మాత్రం నేను పూర్తిగా తీయను. నలభై ఏళ్లు కళ్లద్దాలు పెట్టినాయనకి అవి కూడా ముఖమే.

పవర్ సంగతి కూడా చూసుకోవాలి. మైనస్ అద్దం వెనక కన్ను చిన్నగా కనపడుతుంది, మైనస్ 5 దగ్గర దాదాపు 7 శాతం. అద్దం లోపల చెంప అంచు కూడా లోపలికి జరిగి మెట్టులా విరుగుతుంది. ఫ్రేము తీసేసి కన్ను అలాగే వదిలేస్తే మనిషి చిక్కిపోయినట్టు ఉంటాడు, కాబట్టి కన్ను వరకు కొంచెం పెంచి చెంప అంచుని బయటి గీతతో కలపాలి. పాతకాలం శుక్లాల ఆపరేషన్ తర్వాత ఇచ్చే లావుపాటి ప్లస్ అద్దాలైతే తిరకాసు, కన్ను ఆరో వంతుకు పైనే పెద్దదిగా పడి ఉంటుంది, తగ్గించాలి. కానీ మనవళ్లకి తాత కళ్లు అంటే ఆ పెద్ద కళ్లే గుర్తు. అందుకే తగ్గించాల్సిన దాంట్లో సగమే తగ్గించి ఆపడం మంచిది.

అసలు చిక్కు, అద్దం వెనక ఏమీ లేనప్పుడు. ఫోటోలో లేనిదాన్ని ఏ బ్రష్షూ బయటికి తీయలేదు, కాబట్టి ఆ మనిషి కళ్లే ఇంకో ఫోటోలోంచి రావాలి. నేను మొగ్గేది ఎప్పుడూ ఇటే. ఏ ఫోటోలోంచి అన్నదే మొత్తం పనిని తేలుస్తుంది. మావాళ్లు అన్నిటికంటే స్పష్టంగా ఉన్నది ఎంచుకుంటారు. నేను మొదట తల తిరిగిన కోణం చూస్తాను, తర్వాత నవ్వు, తర్వాత వెలుతురు ఏ పక్క నుంచి పడిందో, స్పష్టత ఆఖరున.

చీమకుర్తి నుంచి ఇద్దరు అన్నదమ్ములు తెచ్చిన పని చెప్తాను. వాళ్ల నాన్న శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఇచ్చిన నల్లద్దాలు పెట్టుకునే మనవరాలి పెళ్లికి వెళ్లాడు, బాగా పడ్డ ఫోటో అదొక్కటే. తల కాస్త కుడికి తిరిగి ఉంది, నోరారా నవ్వుతున్నాడు. పాస్‌పోర్ట్ సైజు ఫోటో ఒకటి ఇచ్చారు, అద్దంలా ఉంది, కానీ నిటారుగా, బిగుసుకుని. నవ్వే నోటి మీద ఆ కళ్లు పెడితే ముఖం రెండు ముక్కలైపోతుంది. నవ్వితే కింది రెప్ప పైకి లేస్తుంది, కంటి కొనలో ముడతలు పడతాయి, అవి నోటితో కలిసే రావాలి. ఇంట్లో ఆల్బమ్ మొత్తం తెప్పించి వెతికితే పదేళ్ల కిందటి గ్రూప్ ఫోటోలో తల అటే తిరిగి, నవ్వుతూ దొరికాడు. ముఖం బొటనవేలి గోరంత. దాన్ని 600 డీపీఐలో స్కాన్ చేసి తీసుకున్నాం.

కొలత కుదర్చడానికి కళ్లు పనికిరావు, అవి అద్దాల కింద ఉన్నాయి కదా. తెచ్చిన ముఖాన్ని 50 శాతం ఒపాసిటీలో పైన పెట్టి, Ctrl+T కొట్టి ముక్కు రెక్కలు, చెవి తమ్మెలు, గడ్డం ఒకదాని మీద ఒకటి పడేదాకా తిప్పుకోవాలి. రెండు కళ్లూ కలిపే జరపండి. వెలుతురు కలవలేదని ఫోటోని అద్దంలోలా తిరగెయ్యడం మాత్రం వద్దు. ఎవరికీ రెండు కళ్లూ ఒకేలా ఉండవు, తిరగేస్తే ఇంట్లోవాళ్లు "ఎందుకో నాన్నలా లేడు" అంటారు, కారణం వాళ్లకీ తెలియదు.

తర్వాత మాస్క్‌తో కనుబొమలు, రెప్పలు, గుడ్డు వరకే ఉంచాను. కంటి కింద చర్మం పాత ఫోటోది తీసుకుంటే పదేళ్లు చిన్నవాడి సంచులు వస్తాయి, అందుకే అది ఈ ఫోటోలోని బుగ్గ నుంచే క్లోన్ చేశాను. కనుబొమల్లో రంగు తగ్గించి నెరుపు తెచ్చాను. తెల్లగుడ్డు తెల్లగా ఉంచకూడదు, బూడిద రంగు కలిపి, పై రెప్ప నీడని మల్టిప్లై లేయర్‌లో సన్నగా వేయాలి. ఆ నీడ లేకపోతే ఎంత బాగా అతికించినా గుడ్డు బయటికి పొడుచుకొచ్చినట్టే ఉంటుంది. మెరుపు చుక్క ఈ ఫోటోలో వెలుతురు వచ్చే వైపే ఉండాలి. వాళ్ల నాన్నకి ఆఖరి రోజుల్లో నల్లగుడ్డు చుట్టూ తెల్లటి వలయం వచ్చింది, వయసు మీదపడ్డవాళ్లలో చాలామందికి వస్తుంది. పెద్దకొడుకు చెప్తే అది సన్నగా గీశాను, అప్పుడుగానీ చిన్నవాడు "ఇప్పుడు ఆయనే" అనలేదు. గ్రూప్ ఫోటోలోది మసక కాబట్టి రెప్పల అంచు చిన్న బ్రష్‌తో దిద్ది, చివర్లో మొత్తం ముఖానికి ఒకే నాయిస్ వేశాను. 200 శాతానికి పెంచి చూసినప్పుడు కంటి దగ్గర నాయిస్, నుదుటి దగ్గర నాయిస్ ఒకేలా లేకపోతే అతుకు పటంలో తెలిసిపోతుంది. ఫ్లెక్సీలో అంత కనపడదు.

జనరేటివ్ ఫిల్ సంగతి. కన్ను క్షణాల్లో వస్తుంది, అందంగానే వస్తుంది, కానీ అది ఎవరి కన్నో. చెవి దగ్గర కాడ తీయడానికి, జుట్టు నింపడానికి వాడుకోండి, నేనూ వాడతాను. ఊరికే సరదా ఫోటో, మైపాడు బీచ్‌లో దిగింది, స్టేటస్ పెట్టుకోవడానికైతే కళ్లకి కూడా పర్లేదు.

వీసా ఫోటోకి ఇవేవీ చేయకండి. అమెరికా వీసాకి 2016 నవంబర్ 1 నుంచి కళ్లద్దాలతో దిగిన ఫోటో ఒప్పుకోరు, ఇలా దిద్దిందీ ఒప్పుకోరు. అద్దాలు తీసి మళ్లీ దిగితే అయిపోయేదానికి ఇంత పనెందుకు?

కళ్లు కనపడే ఫోటో ఇంట్లో ఒక్కటీ దొరకకపోతే చుట్టాల ఆల్బమ్‌లు, పెళ్లి వీడియోలు కూడా అడగండి, వీడియోలో ఆపిన బొమ్మ కూడా పనికొస్తుంది. అప్పటికీ లేదంటే నల్లద్దాలతోనే పటం కట్టించుకోమని చెప్పి పని వెనక్కి ఇచ్చేస్తాను.