పది సెకన్ల ఆలస్యానికి ఏది మేలు: 8 వోల్టుల హద్దా, 11 వోల్టుల హద్దా?

అనంతపురం జిల్లా పల్లెల్లో త్రీఫేజ్ కరెంటు రాగానే ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీది బోరు మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తే వోల్టేజీ పడిపోతుంది కాబట్టి, ఆటో స్టార్టర్‌లో కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టడం మంచిది. ఆ ఆలస్యాన్ని ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు ఇవ్వగలవు. 12 వోల్టుల సప్లైతో ఖాళీ కెపాసిటరును నింపుతూ, అది ఒక హద్దు వోల్టేజీని దాటగానే కంపారేటరు రిలేను కలిపేలా చేస్తే చాలు. పట్టే సమయం ఇది:

```
t = R × C × ln( Vs / (Vs − Vh) )
```

ఇక్కడ Vs సప్లై, Vh మనం ఎంచుకున్న హద్దు.

కెపాసిటరు రెండింటిలోనూ 100 మైక్రోఫారడ్లే అనుకుందాం. హద్దును 8 వోల్టుల వద్ద పెడితే ln(12/4) విలువ 1.1 అవుతుంది కనుక, 91 కిలోఓముల రెసిస్టరుతో సరిగ్గా 10 సెకన్లు వస్తాయి. హద్దును 11 వోల్టులకు పెంచితే ln(12/1) విలువ 2.48, అప్పుడు 39 కిలోఓములతోనే 9.7 సెకన్లు వస్తాయి. చిన్న రెసిస్టరు సరిపోతోందని రెండోది మెరుగనిపిస్తుంది గానీ, నేను దాన్ని ఎంచుకోను.

కెపాసిటరు నిండేకొద్దీ రెసిస్టరుపై మిగిలే వోల్టేజీ తగ్గుతుంది, దానితోపాటు కరెంటూ తగ్గుతుంది. అందుకే 8 వోల్టుల దగ్గర సెకనుకు 0.44 వోల్టు పెరిగేది, 11 వోల్టుల దగ్గర 0.26 వోల్టు మాత్రమే పెరుగుతుంది. సప్లై 11.5 వోల్టులకు దిగి, హద్దు మాత్రం అలాగే ఉంటే, మొదటిది 10.8 సెకన్లు తీసుకుంటుంది, రెండోది 12.2 సెకన్లకు సాగుతుంది. సప్లై 11 వోల్టులకే ఆగిపోతే రెండో దానిలో రిలే ఎప్పటికీ కలవదు, మోటారు మొదలే కాదు. వోల్టేజీ ఊగే ఊళ్లో ఇది చిన్న లోపం కాదు.

ఈ రెంటికన్నా మేలైన మార్గం, హద్దును అదే సప్లై నుంచి రెండు రెసిస్టర్లతో విభజించి మూడింట రెండు వంతుల దగ్గర పెట్టడం. అప్పుడు సప్లై తగ్గినా హద్దు కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది కనుక సమయం 1.1 × RC దగ్గరే నిలుస్తుంది.

ఏ హద్దు ఎంచుకున్నా ఒక సంగతి చూసుకోవాలి. కరెంటు క్షణం పోయి వచ్చినప్పుడు కెపాసిటరులో 5 వోల్టులు మిగిలి ఉంటే, 8 వోల్టుల హద్దుకు ln(7/4) లెక్కన 5.1 సెకన్లే పడుతుంది. రెసిస్టరుకు అడ్డంగా, కెపాసిటరు వైపు నుంచి సప్లై వైపుకు దారి ఇచ్చేలా ఒక డయోడు పెడితే, సప్లై పడిపోగానే ఆ చార్జి దాని గుండా దిగిపోతుంది.