ఓనర్ డ్యాష్‌బోర్డు మూడేళ్లు వాడాక: మొత్తం బాకీ కరెక్టే, బాకీ వయసు దగ్గరే చిక్కు

తెనాలిలో మాది పీవీసీ పైపులు, ఫిట్టింగులు, వాటర్ ట్యాంకుల హోల్‌సేల్ షాపు. కొల్లిపర, దుగ్గిరాల, అమృతలూరు, వేమూరు వైపు దాదాపు 180 చిన్న షాపులకు అప్పు మీద సరుకు ఇస్తాం. గడువు 30 రోజులు. ముగ్గురు సేల్స్‌మెన్ ఊళ్లు తిరిగి ఫోన్లో ఆర్డర్లు ఎక్కిస్తారు. మా అకౌంటెంట్ గారు టాలీలో బిల్లులు, వసూళ్లు రాస్తారు. ఈ రెండూ కలిపి యజమానికి చూపించే డ్యాష్‌బోర్డు ఆర్డర్ యాప్‌తో పాటే వచ్చింది. మూడేళ్లుగా పొద్దున్నే షాపు షట్టర్ తీసే ముందు అదే చూస్తున్నాను. పైన ఈరోజు అమ్మకం, మధ్యలో మొత్తం బాకీ, కింద ఆ బాకీ ఎన్ని రోజులదో 0-30, 31-60, 61-90, 90 పైన అని నాలుగు గడులు ఉంటాయి.

అమ్మకం అంకె గురించి ముందు చెప్పేస్తాను. మొదట్లో అది ఆర్డర్ పడగానే అమ్మకంగా లెక్క వేసేది. ఒక షాపు 40 ట్యాంకులు అడిగితే గోడౌన్‌లో 25 మాత్రమే ఉన్నా 40 ట్యాంకుల విలువా ఆరోజు అమ్మకంలోకి వచ్చేది. మిగతా 15 తర్వాత రద్దయినా పాత రోజు అంకె మారేది కాదు. బాకీ మాత్రం బిల్లు నుంచి వస్తుంది కాబట్టి రెండూ ఎప్పుడూ కలిసేవి కావు. దీనికి తోడు అమ్మకంలో జీఎస్టీ లేదు, బాకీలో ఉంది. మా పైపుల మీద 18 శాతం పన్ను, అంటే లక్ష అమ్మితే బాకీ లక్షా పద్దెనిమిది వేలు. సరుకు బయటికి వెళ్లి బిల్లు పడ్డాకే అమ్మకంగా చూపించమని, ఆర్డర్లకు వేరే గడి పెట్టమని యాప్ వాళ్లకు చెప్పాం. నెల రోజుల్లో మార్చారు. అప్పటి నుంచి ఈ భాగంతో నాకు ఇబ్బంది లేదు.

అసలు పేచీ బాకీ వయసుతో వచ్చింది. ఒక ఏడాది ఆగస్టు 31న కొల్లిపర వైపు ఒక షాపు ఖాతా ఎర్రగా కనిపించింది. జూన్ 3 నాటి బిల్లు 84,000 రూపాయలు 89 రోజులైనా రాలేదని చూపిస్తోంది. ఫోన్ చేసి గట్టిగానే అడిగాను. ఆయన నొచ్చుకున్నాడు. "అన్నా, జూలైలో యాభై వేలు, మొన్న ఇరవయ్యో తారీఖున అరవై వేలు మీ కుర్రాడి చేతికే ఇచ్చాను కదా. ఇంకా జూన్ బిల్లు అంటారేంటి?" అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

అకౌంటెంట్ గారితో కూర్చుని ఆ ఖాతా మొత్తం తిరగేశాం. బిల్లులు మూడు: జూన్ 3న 84,000, జూలై 10న 62,000, ఆగస్టు 5న 48,000. వెరసి 1,94,000. ఆయన కట్టింది రెండు దఫాల్లో 1,10,000. రావాల్సింది 84,000. డ్యాష్‌బోర్డులో మొత్తం బాకీ కూడా సరిగ్గా 84,000 అనే ఉంది. ఆ మొత్తం జూన్ బిల్లుతో సమానం కావడం వల్ల నాకు అనుమానం కూడా రాలేదు. కానీ గడుల్లో చూస్తే 61-90లో 84,000, 31-60లో 62,000, 0-30లో మైనస్ 62,000 ఉన్నాయి. వసూలైన లక్షా పదివేలు ఏ బిల్లుకీ అంటకుండా, కొత్త బాకీల గడిలో మైనస్‌గా పడి ఉంది.

కారణం టాలీలో వసూలు రాసే పద్ధతి. రసీదు రాసేటప్పుడు ఆ డబ్బు ఏ బిల్లుకు జమో `Agst Ref` కింద చూపించవచ్చు. తొందరలో ఉంటే `On Account` అని వదిలేయవచ్చు. సాయంత్రం ముగ్గురు సేల్స్‌మెన్ ఒకేసారి వసూళ్లు తెచ్చి పోస్తుంటే మా అకౌంటెంట్ గారు రెండోదే వాడేవారు. ఎలా రాసినా ఖాతా నిల్వ తేడా రాదు కాబట్టి ఎవరికీ తప్పు అనిపించలేదు. మీ డ్యాష్‌బోర్డులో ఏ గడిలోనైనా మైనస్ అంకె కనిపిస్తే ముందు ఇక్కడే చూడండి.

యాప్ వాళ్లు దానికి ఒక సెట్టింగ్ ఇచ్చారు. బిల్లు చెప్పని డబ్బును తనంతట తానే పాత బిల్లు నుంచి మొదలుపెట్టి కొట్టేసుకుంటూ వస్తుంది. అది ఆన్ చేశాక పై ఖాతా సరిగ్గా వచ్చింది: జూన్ బిల్లు పూర్తిగా తీరింది, జూలై బిల్లులో 36,000 మిగిలి 52 రోజులది, ఆగస్టు బిల్లు 48,000 మొత్తం 26 రోజులది. నాకు ఎంతో ఊరట అనిపించింది.

అయితే ఏడాది తర్వాత తెలిసింది, ఈ సెట్టింగ్ ఇంకో రకం బాకీని దాచేస్తుందని. ఒక షాపుకు పంపిన లోడులో 6,400 రూపాయల పైపులు పగిలి ఉన్నాయట. ఆయన ఆ మొత్తం ఆపుకుని మిగతాది కట్టాడు. తర్వాతి బిల్లులన్నీ గడువులోపే పూర్తిగా కట్టేవాడు. కానీ ప్రతి కొత్త చెల్లింపులోంచి ముందు పాత 6,400 తీరిపోయి, కొత్త బిల్లులో అంతే మొత్తం మిగిలేది. అలా అది నెలనెలా ముందుకు జరుగుతూ ఎప్పుడూ 31-60 దాటకుండా ఉండేది. పదకొండు నెలలు అలాగే గడిచింది. ఆయన మేం క్రెడిట్ నోట్ ఇస్తామని చూస్తున్నాడు, మేం మామూలు బాకీ అనుకుంటున్నాం. చివరికి ఆయనే అడిగాడు. లోడు తెచ్చిన డ్రైవర్ అప్పటికి మా దగ్గర మానేశాడు, ఫోటోలు లేవు. నష్టం మేమే భరించాం.

అందుకే ఇప్పుడు ఆ సెట్టింగ్ ఆపేశాం. ఏ బిల్లుకు డబ్బు ఇస్తున్నారో సేల్స్‌మ్యాన్ షాపులోనే అడిగి యాప్‌లో టిక్ పెడతాడు. ఒక్కో షాపు దగ్గర రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, మొదటి రెండు నెలలు వాళ్లు బాగా విసుక్కున్నారు కూడా. దాంతో పాటు నెలాఖరున ఒకే మొత్తం మూడు నెలలుగా మిగులుతున్న ఖాతాలను వేరుగా తీసి చూస్తాను. 12,350 లాంటి అంకె కదలకుండా ఉందంటే అది చేతిలో డబ్బు లేక ఆగింది కాదు, ఏదో పేచీ ఉంది. డబ్బు లేనివాళ్ల బాకీ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది.

చెక్కుల విషయంలో మాత్రం ఇప్పటికీ అసంతృప్తిగానే ఉన్నాను. సేల్స్‌మ్యాన్ ముందు తేదీ వేసిన చెక్కు తెచ్చి వసూలు అని కొట్టగానే బాకీ తగ్గిపోతుంది. అది బౌన్స్ అయితే తిరిగి ఈరోజు తేదీతో కొత్త బాకీలా వస్తుంది, పాత వయసు పోతుంది. బ్యాంకులో పడేదాకా చెక్కును జమ చేయొద్దని మావాళ్లకు చెప్పుకున్నాం. యాప్‌లో దానికి చోటు లేదు.

30 రోజుల గడులు మా ప్రాంతానికి పూర్తిగా కుదరవు. డెల్టాలో సార్వా వరి కోత అయి డబ్బు చేతిలో పడేదాకా ఊళ్లలో షాపుల వాళ్లకీ వసూళ్లు మందంగానే ఉంటాయి. అక్టోబరులో 31-60 గడి ఉబ్బడం చూసి మొదటి ఏడాది చాలా టెన్షన్ పడ్డాను. ఇప్పుడు అదే షాపు కిందటి అక్టోబరులో ఎంత ఉందో పక్కన పెట్టి చూస్తున్నాను. ఈ పోలిక డ్యాష్‌బోర్డులో లేదు, ఎక్సెల్‌లో నేనే చేసుకోవాలి.

నేను అడిగి పెట్టించుకున్న వాటిలో బాగా పనికొచ్చింది 150 రోజులు దాటిన బిల్లుల జాబితా. కొన్నవాళ్లు బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు కట్టకపోతే, ఆ బిల్లు మీద వాడుకున్న ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి. ఈ రూల్ చాలా చిన్న షాపుల వాళ్లకు తెలియదు. బిల్లు నంబరు, తేదీ చెప్పి "ఇంకో నెలలో మీకే పన్ను పడుతుంది, ఒకసారి మీ ఆడిటర్ గారిని అడగండి" అంటే కోపం తెచ్చుకోకుండా వింటున్నారు. కాంపోజిషన్‌లో ఉన్న షాపులు ఆ క్రెడిట్ తీసుకోవు కాబట్టి వాళ్లకు ఈ మాట వర్తించదు. ఆ జాబితాలో వాళ్ల పేర్ల పక్కన గుర్తు పెట్టించాను. లేకపోతే మా సేల్స్‌మెన్ వాళ్లకూ అదే చెప్పి వచ్చేవారు.