మామ్మ గడ్డం మీది మచ్చ: ఒక్క ఫోటో చాలా, LoRA నేర్పాలా?

అమలాపురంలో మా స్టూడియోకి వచ్చిన కుర్రాడికి వాళ్ల మామ్మ గోదావరి మీద పడవలో కూర్చున్న బొమ్మ కావాలి. ముందు ఒక్క ఫోటో ఇచ్చి, అందులోని ముఖం చూసి AI చేత కొత్త బొమ్మ గీయించే IP-Adapter FaceIDతో చేశాను. నిమిషాల్లో అయిపోయింది, పోలికా బాగానే కుదిరింది. కుర్రాడు మాత్రం "మచ్చేదండీ? ఈవిడ మా మామ్మ కాదండీ" అన్నాడు.

ఈ పద్ధతి ముఖాన్ని 112×112 పిక్సెళ్లకు కుదించి 512 అంకెలుగా మారుస్తుంది. 900 పిక్సెళ్ల ముఖంలో 8 పిక్సెళ్ల మచ్చ అక్కడ ఒక్క పిక్సెల్ అవుతుంది. ప్రాంప్టులో మచ్చ గురించి రాస్తే వచ్చింది గానీ, ఒకసారి పెదవి పక్కన, ఇంకోసారి బుగ్గ మీద.

తర్వాత వేర్వేరు వెలుగుల్లో తీసిన 18 ఫోటోలతో LoRA నేర్పాను, అంటే బొమ్మలు గీసే AI మోడల్‌కు మామ్మ రూపం నేర్పే చిన్న జోడింపు తయారుచేశాను. గంటకు పైగా పట్టింది. ఫోటోల వివరణల్లో మచ్చ మాట రాయలేదు. అలా వదిలేస్తేనే అది మామ్మ పేరుకు అతుక్కుంటుంది. అయినా మొదటిసారి మచ్చ రెండు వైపులా తిరిగింది! చూస్తే నేర్పేటప్పుడు ఫోటోల్ని కుడిఎడమలు తిప్పేసే flip_aug ఆన్‌లో ఉంది, పైగా మూడు సెల్ఫీలు అద్దంలోలా తిరగబడినవి. రెండూ సరిచేశాక మచ్చ ఎడమవైపే నిలిచింది.

చేతి మీది పచ్చబొట్టు అక్షరాలు మాత్రం రెండింట్లోనూ చెదిరాయి. అసలు ఫోటోలోంచి ఆ ముక్క కత్తిరించి అతికించి, అంచుల్ని మాత్రం 0.25 డీనాయిజ్‌తో, అంటే AI చేత కొద్దిగా మాత్రమే తిరిగి గీయించి, కలిపాను. ఒక్క బొమ్మే కావాలంటే మచ్చకీ ఇదే చేస్తాను. పది బొమ్మలైతే LoRAనే.