చరిత్ర ప్రశ్నలకు స్థాయి ట్యాగులు: కొన్నేళ్లు వాడాక

పదో తరగతి చరిత్ర ప్రశ్నలన్నీ ఒక గూగుల్ షీట్‌లో పెట్టుకున్నాం. ఒక్కో ప్రశ్న పక్కన పాఠం, మార్కులు, ఆలోచనా స్థాయి, చివరిసారి అడిగిన సంవత్సరం ఉంటాయి. వేగం సంగతి ముందే చెప్పేస్తాను. పేపరు తయారీకి ఒక సాయంత్రమంతా పట్టేది, ఇప్పుడు లీజర్ పీరియడ్‌లో అయిపోతోంది. కావలసిన ప్రశ్నలు ఇలా వస్తాయి:

```
=FILTER(A2:E, B2:B="జాతీయోద్యమం", D2:D=3, E2:E<2024)
```

ఇందులో 3 అంటే పై స్థాయి. బ్లూమ్ ఆరు మెట్లూ పెడితే ఇది విశ్లేషణా, మూల్యాంకనమా అని స్టాఫ్‌రూంలో వాదనే మిగులుతుంది. గుర్తుంచుకుని రాసేది 1, అర్థం చేసుకుని సొంత మాటల్లో చెప్పేది 2, తెలిసినదాన్ని కొత్త చోట వాడి వాదించేది 3. మాకు ఈ మూడూ సరిపోతున్నాయి.

అసలు చిక్కు ట్యాగు వేయడంలోనే ఉంది. చాలామంది ప్రశ్నలోని క్రియను చూసి స్థాయి వేసేస్తారు. ‘సహాయ నిరాకరణోద్యమాన్ని గాంధీజీ ఆపేయడానికి కారణాన్ని విశ్లేషించండి’ అని ఉంటే 3 పడుతుంది. కానీ 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో జనం పోలీస్ స్టేషన్‌ను తగలబెట్టడమే కారణమని పాఠంలోనే ఉంది. పిల్లవాడు ఆ వాక్యం దించేస్తే మార్కులు పడతాయి. ‘విశ్లేషించండి’ అన్నా అది 1వ స్థాయే.

అదే విషయాన్ని ఇలా అడిగి చూడండి: ‘1922లో హింస జరిగిన కొద్ది రోజులకే ఉద్యమం ఆగింది. 1930 మేలో షోలాపూర్ మిల్లు కార్మికులు పోలీసు చౌకీల మీద దాడి చేశారు, అయినా శాసనోల్లంఘన 1931 మార్చి ఒప్పందం దాకా సాగింది. ఈ తేడాకు కారణం ఏమై ఉంటుంది?’ రెండు సంఘటనలూ పాఠంలో ఉన్నాయి, పోలిక మాత్రం లేదు. ఇది నిజమైన 3. జవాబు పుస్తకంలో ఏ పేజీలో ఉందో వేలు పెట్టి చూపించగలిగితే పై స్థాయి ఇవ్వకూడదన్నదే ఇప్పుడు మా కొలత.

ఇంకో సంగతి, ట్యాగుకు కాలం చెల్లుతుంది. ఈ షోలాపూర్ ప్రశ్నను ఒకసారి పరీక్షలో ఇచ్చి, జవాబును బోర్డు మీద రాయించాక, తర్వాతి బ్యాచ్‌కు ఆ నోట్సు చేరిపోతుంది. అప్పుడది 1కి దిగినట్టే. అడిగిన సంవత్సరం కాలమ్ పెట్టింది అందుకే.

షీట్ చేయలేనిదీ ఒకటుంది. స్థాయి వేరు, కష్టం వేరు. సైమన్ కమిషన్ మన దేశానికి వచ్చిన సంవత్సరం 1వ స్థాయే, అయినా 1927 అని రాసేవాళ్లు కనబడతారు, అది నియమించిన ఏడాది. స్థాయిలు సమంగా ఉన్న పేపరు కూడా ఇలాంటి తేదీలు నాలుగు పడితే పిల్లలకు కఠినంగానే ఉంటుంది. ఫిల్టర్ అయ్యాక ఒకసారి కళ్లతో చదవక తప్పదు.

3వ స్థాయి ప్రశ్నలకు ఒకే జవాబు ఉండదు కాబట్టి దిద్దేటప్పుడు ఇద్దరు టీచర్లు రెండు రకాలుగా మార్కులు వేస్తున్నారు. ఏయే వాదనలను ఒప్పుకోవాలో రాయడానికి ఈమధ్యే ఇంకో కాలమ్ కలిపాం. సగం వరుసల్లో అది ఇంకా ఖాళీగానే ఉంది.