కొండ వెనుక ఇంట్లో రెండు సిమ్‌లతో రెండేళ్లు

మా ఇంటికీ దగ్గరి టవర్లకూ మధ్య ఒక కొండ వాలు అడ్డంగా ఉంటుంది. ఏ నెట్‌వర్క్ తీసుకోవాలో తేల్చుకోవడానికి రెండు సంస్థల సిమ్‌లను ఒకే ఫోన్‌లో వేసి రెండేళ్లు వాడాను. కవరేజీ మ్యాప్‌లో మొదటి సంస్థ మా ప్రాంతమంతా ముదురు రంగు వేసింది, రెండవది లేత రంగుతో సరిపెట్టింది. ఇలాంటి మ్యాప్‌లు ఎక్కువగా కంప్యూటర్ లెక్కగట్టిన అంచనాలే కాబట్టి, గది లోపల ఏం జరుగుతుందో వాటిని చూసి తేల్చుకోలేము.

సిగ్నల్ గీతలను కూడా నేను లెక్కలోకి తీసుకోలేదు, ఎందుకంటే ఎన్ని గీతలు చూపాలో ఫోన్‌ను బట్టి మారుతుంది. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లోని సిమ్ స్టేటస్‌లో dBm అనే రుణ సంఖ్య కనిపిస్తుంది. అది సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే సిగ్నల్ అంత బలమైనది. 4జీలో −90 హాయిగా సరిపోతుంది, −110 దాటితే మాట తెగడం మొదలవుతుంది, −120 దగ్గర ఆశ వదులుకోవచ్చు.

వసారాలో మొదటి సిమ్ −94, రెండవది −99 చూపేవి. రాతి గోడల నడిమి గదిలోకి వెళితే మొదటిది −114కు పడిపోగా, రెండవది −110 దగ్గర ఆగేది. మొదటిది మాకు 1800 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌పై, రెండవది 800 బ్యాండ్‌పై అందుతోంది. తక్కువ పౌనఃపున్యపు తరంగాలు సాధారణంగా గోడలనూ వాలు అంచులనూ మెరుగ్గా దాటివస్తాయి. రెండవ టవర్ కిటికీ వైపున ఉండడం కూడా కొంత కారణమే కనుక, తేడా అంతటినీ బ్యాండ్‌కే ఆపాదించను.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఒకవైపు మాట. మొదటి సిమ్‌తో అవతలివారి గొంతు నాకు వినిపించేది, నా గొంతు వారికి చేరేది కాదు. టవర్ పదుల వాట్లతో ప్రసారం చేయగలిగితే, ఫోన్‌కు ఉన్నది దాదాపు 0.2 వాట్ మాత్రమే. అందువల్ల డౌన్‌లోడ్ వేగం ఒక్కటే చూసి ఎంచుకోవద్దు. మీరు పడుకునే గదిలోంచి అయిదు నిమిషాలు మాట్లాడి, ఒక పెద్ద ఫొటో పంపి చూడండి.

కరెంటు చాలాసేపు పోయినప్పుడూ కొలవాలి. అలాంటి రోజుల్లో మొదటి సిమ్‌కు సెల్ గుర్తింపు సంఖ్య మారిపోయేది, అంటే దగ్గరి టవర్ ఆగిపోయి ఫోన్ దూరపు టవర్‌ను పట్టుకునేదన్నమాట. రెండవది ఆ గంటల్లోనూ నిలిచింది.

దాని లోపం సాయంత్రాలు కనిపిస్తుంది: dBm మారకపోయినా, వాడేవారు పెరగడంతో వేగం పడిపోతుంది. అందుకే మాటలకు రెండవ సిమ్‌ను ప్రధానంగా పెట్టుకుని, వసారాలో డేటా కోసం మొదటిదాన్ని ఉంచుకున్నాను. మీ ఫోన్ ఆ తక్కువ బ్యాండ్‌ను అందుకోగలదో లేదో సిమ్ కొనడానికి ముందే చూసుకోండి; నా పాత ఫోన్‌కు ఆ బ్యాండ్ లేక మొదటి నెల కొలతలన్నీ వృథా అయ్యాయి.